గోడ చాటు

అంబదాస్ మాస్టరు ఉపన్యాసమంటే ఇచ్చోడ చుట్టుపక్కల ఊళ్లకు మోజు. కాగితం చేతిలో ఉన్నా చూసేవాడు కాదు. వాక్యాలన్నీ నోటికొచ్చేదాకా ఖాళీ తరగతి గదిలో బెంచీలకే చెప్పుకునేవాడు. 1966లో ఊరి అమరవీరుల దినానికి కూడా అలాగే తయారయ్యాడు. అమరుల పేరు పలికాక ఒక్క ఊపిరి ఆగాలి, ఆ పేర్లకు చప్పట్లు కొట్టకూడదు, వేదిక మీది పెద్దల తర్వాత అమరుల ఇంటివారి వైపు తిరిగి చేతులు జోడించాలి. ఇవన్నీ ఆయనకు కొట్టిన పిండి.

ఆ ఊరి నుంచి ఇద్దరు పటాలానికి పోయి తిరిగి రాలేదు. బాలమల్లు చైనా యుద్ధంలో, వెంకటి నిరుడు పంజాబ్ సరిహద్దులో. బాలమల్లు తల్లి దేవవ్వకూ, వెంకటి భార్య ఐలవ్వకూ వేదిక మీద కుర్చీలు వేయించింది మాస్టరే. పొద్దున్నే సర్పంచి వచ్చి వాటిలో ఒకటి తీయించాడు.

"దేవవ్వ అంటే పెనిమిటి ఉన్న మనిషి, కూసోనియ్యి. ఐలవ్వ ముండమోసిన పిల్లనాయె. మా ఇంటామె దీపం ముట్టిచ్చేటప్పుడు ఎదురుంగ ఆమె ఉంటే మంచిగుంటదా? జర బడిగోడ ఎనుక కూసోవెట్టుండ్రి సారూ. బదిలీల కాలం, బీడీవో సారు గూడ వస్తుండు. మీకు చెప్పేటోన్ని గాదు."

ఆ బదిలీల మాట ఎందుకన్నాడో మాస్టరుకు తెలుసు. ముగ్గురు పిల్లలతో ఏ అడవి ఊరికి పోవాలి? నిజం చెప్పుకోవాలంటే, బదిలీ భయం ఒక్కటే కాదు. దీపం దగ్గర విధవ ఉండకపోవడం ఆయనకూ అంత తప్పుగా తోచలేదు. మన చదువులు చాలావరకు ఇలాంటివే.

"చెల్లె, గా గోడ సాటున జరసేపు కూసో. దీపం అయినంక నేనే పిలుస్త" అన్నాడు ఐలవ్వతో. ఆమె తలూపి కొంగు సర్దుకుని పోయి కూర్చుంది. ఎందుకని కూడా అడగలేదు.

కార్యక్రమం చక్కగా నడిచింది. జెండాను ముందు కొసదాకా ఎగరేసి, తర్వాత సగానికి దించారు. అమరుల పేర్లు చెక్కిన రాయి ముందు రెండు నిమిషాలు ఊరంతా మౌనంగా నిలబడింది. జెండా మళ్లీ పైకెక్కింది. సర్పంచి భార్య దీపం వెలిగించింది. ఆ హడావిడిలో మాస్టరు ఇచ్చిన మాట మరిచిపోయి మైకు ముందుకొచ్చాడు.

"అధ్యక్షులకు, ముఖ్య అతిథులకు నమస్కారం. వీరమాత దేవవ్వ గారికి నమస్కారం" అని కుడివైపు తిరిగి చేతులు జోడించాడు. "వీరపత్ని ఐలవ్వ గారికి..." అని ఎడమవైపు తిరిగాడు. అక్కడ కుర్చీ లేదు. జోడించిన చేతులు అలాగే ఉండిపోయాయి.

తన పేరు వినబడి ఐలవ్వ గోడ చాటు నుంచి తొంగిచూసింది. ఆమె గొంతులో ఎత్తిపొడుపు లేదు, కోపం లేదు. నిజంగానే అడిగింది.

"దీపం ముట్టిచ్చుడు అయిందా సారూ? ఇగ నేను రావచ్చునా?"

ఆ మాట వెనక వరసదాకా వినబడింది. బీడీవో తల వంచుకున్నాడు. సర్పంచి దగ్గి, "కానియ్యుండ్రి సారూ, కానియ్యుండ్రి" అన్నాడు. కానివ్వడానికి మాస్టరుకు వచ్చిన వాక్యాలన్నీ వీరపత్ని గురించే. సిగ్గుతో భూమి చీలితే బాగుండుననిపించింది.

వేదిక దిగి, తన కుర్చీని తానే ఎత్తుకొచ్చి దేవవ్వ పక్కన వేశాడు. ఐలవ్వ ఎక్కడానికి జంకింది. దేవవ్వ లేచి, "రా బిడ్డా, నా కొడుకు నీ మొగడు ఒక్క తీరుగనే పోయిండ్రు" అని చెయ్యి పట్టి కూర్చోబెట్టింది. సర్పంచి భార్య దీపం పళ్లెం తీసుకుని ఐలవ్వ నీడ తగలకుండా పక్కకు జరిగింది. అది అందరూ చూశారు.

మాస్టరు మళ్లీ మైకు దగ్గరికి వచ్చాడు. కాగితం మడిచి జేబులో పెట్టాడు.

"ఈ చెల్లెను గోడ ఎనుక కూసోవెట్టింది సర్పంచి గారొక్కలే కాదు, నేను. వద్దనే నోరుండి గూడ అనలే. బదిలీకి భయపడ్డ. అంతకన్న సిగ్గుచేటు, అది తప్పని నాకు తోచనే లే. వెంకటి సరిహద్దుల నిలబడ్డప్పుడు శకునం చూసి నిలబడలే. మన అందరి కోసం నిలబడ్డడు. ఆయన పోయినంక ఆయన భార్య మనకు అపశకునమైంది."

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. జనంలో కొందరు ఆడవాళ్లు కొంగుతో కళ్లు ఒత్తుకున్నారు. సర్పంచి నేలచూపులు చూస్తున్నాడు. మాస్టరు ఐలవ్వ వైపు తిరిగి, ఇందాక సగంలో ఆగిన నమస్కారం పూర్తి చేశాడు.

"దేశం కోసం సచ్చినోని పేరు రాతి మీద చెక్కుడు సులువు. ఆయన బతికున్నప్పుడు ఆయన భార్యకు మనమిచ్చిన మర్యాదను, ఆయన పోయినంక గూడ ఇయ్యకపోతే, గా రాయి ముందర తలవంచే హక్కు మనకు లేదు."