ఎనభై దాటితే వణుకు

ప్రభుదాస్ బండి ఎనభై దాకా మహా బుద్ధిమంతురాలు. ఎనభై దాటిందా, స్టీరింగు సన్నగా వణకడం మొదలుపెట్టేది. తొంభై దగ్గర ఆ వణుకు మోచేతుల దాకా ఎక్కేది. నూరు దాటిస్తే, ఏమీ ఎరగనట్టు మళ్లీ తగ్గేది.

ఇదేం విచిత్రమో అతనికి అంతుబట్టలేదు. ఇబ్రహీంపట్నంలో బాడుగకు బండి నడపడం మొదలుపెట్టిన నాటి నుంచీ ఎన్ని జబ్బులు చూళ్లేదు! ఆయిలు కారడం చూశాడు, క్లచ్చు జారడం చూశాడు. కానీ ఇలా వేగం చూసుకుని వచ్చిపోయే జబ్బు చూడలేదు.

బండి సంగతే అయితే ఇంత దిగులుపడేవాడు కాదు. వాళ్ల నాన్న తాపీమేస్త్రి. సరిగ్గా ఇప్పుడు ప్రభుదాస్‌కున్న వయసులోనే ఆయన చేతులకు వణుకు పట్టుకుంది. తాపీ పట్టి గోడలు లేపిన మనిషి, చివరికి అన్నం ముద్ద నోటిదాకా తెచ్చుకోలేకపోయాడు. అది కళ్లారా చూసినవాడు గనక, ‘నా చేతులు వణికిన దినం తాళంచెవి ఇడిసిపెడ్త’ అని ప్రభుదాస్ పెళ్లాం మరియకు ఎప్పుడో మాటిచ్చాడు. ఆ మాట ఇచ్చినప్పుడు ఎంత తేలిగ్గా ఇచ్చాడో! ఇప్పుడు స్టీరింగు వణికినప్పుడల్లా, వణికేది బండా తానా అన్న అనుమానం గుండెల్లో గుచ్చుకునేది. పొద్దున్నే గోడవైపు తిరిగి చేతులు చాచి చూసుకునేవాడు. నిలకడగానే కనిపించేవి. అయినా నమ్మకం కుదిరేది కాదు.

అడ్డా మీద ఎవర్నడిగినా ఒకటే మంత్రం, అలైన్‌మెంటు. తలనొప్పికీ కడుపునొప్పికీ ఒకే గోలీ ఇచ్చినట్టు, బండికి ఏ జబ్బు చేసినా మనవాళ్ల నోట ముందు వచ్చే మాట అదే. చేయించాడు. బండి దారం పట్టినట్టు తిన్నగా పోయింది, తిన్నగా పోతూనే వణికింది.

అప్పుడు మన్నెగూడ చౌరస్తాలో చక్రాల పని చేసే పరమేష్ దగ్గరికి పోయాడు. కొత్త అల్లాయి రిమ్ములు వేయించినప్పటి నుంచీ ఇదే వరస అని చెప్పాడు. పరమేష్ సంగతంతా విని, నవ్వు ఆపుకున్నాడు.

“అలైన్‌మెంటు పోతే బండి ఒక దిక్కు గుంజుతదన్నా. టైరు ఒక పక్క అరుగుతది. గిట్ల గా స్పీడు మీదనే వణుకుతున్నదంటే చక్రంల బరువు సమానంగ లేదు. గంతే.”

ముందు చక్రాలు విప్పి, ఒక్కోటీ మిషను మీద తిప్పాడు. ఎక్కడ ఎంత తేలికో మిషను అంకెల్లో చెప్పింది. చక్రం లోపలివైపు, అక్కడికక్కడ, జిగురున్న చిన్న చిన్న వెయిటు పట్టీలు అతికించాడు. ఆ సాయంత్రం రింగురోడ్డు మీద స్టీరింగు కదిలితే ఒట్టు. ప్రభుదాస్ ఇంటికొచ్చి మరియను పిలిచి, కారణం చెప్పకుండా మిఠాయి పొట్లం చేతిలో పెట్టాడు.

ఆదివారం చర్చికి ఊళ్లోనే నెమ్మదిగా పోయి వచ్చారు. సోమవారం ఎయిర్‌పోర్టు బాడుగ. బండి ఎనభై దాటింది, వణికింది.

పరమేష్ మళ్లీ వెయిట్లు పెట్టాడు. శుక్రవారం దాకా హాయి. సోమవారం మళ్లీ వణుకు. అప్పటికి ప్రభుదాస్‌కు దిగులు కన్నా వింత ఎక్కువైంది. నా చేతులైతే వారాలు చూసుకుని వణుకుతాయా అని తనకు తానే ధైర్యం చెప్పుకున్నాడు. ఆ ధైర్యం తొంభై దగ్గర నీరుగారిపోయేది.

మూడోసారి పోయేటప్పుడు మరియ కూడా బండెక్కింది. తుక్కుగూడలో చెల్లెల్ని చూడాలని ఆమె పని. పరమేష్ ఈసారి పంతం పట్టాడు.

“ఇయ్యాల దీని అంతు జూడాల్సిందే అన్నా.”

బండిని జాకీ మీద లేపాడు. చక్రాన్ని కుడీ ఎడమా పట్టి ఊపాడు, పైనా కిందా పట్టి ఊపాడు. లింకులు, బాల్‌జాయింట్లు, బేరింగులు ఎక్కడా లూజు లేదు. “అల్లాయి రిమ్ములు ఏసినంక మొదలైందంటివి. గుంతల గిన పడి వంగినయేమో” అంటూ స్క్రూడ్రైవరు మొనను రిమ్ము అంచు దగ్గర కదలకుండా పట్టి చక్రం తిప్పాడు. అంచుకూ మొనకూ మధ్య సందు ఒక్క తీరుగానే ఉంది. లోపలి అంచుకూ అలాగే పట్టి చూశాడు. వంకర లేదు. టైరుకు ఉబ్బు లేదు.

ప్రభుదాస్ చేతులు జేబుల్లో పెట్టుకున్నాడు. బండిలో తప్పు లేదని తేలే కొద్దీ ఆ తప్పు తన చేతులకే వచ్చి చేరుతోంది.

పరమేష్ చక్రం విప్పి లోపలికి తొంగిచూశాడు. తర్వాత రెండోది చూశాడు. లేచి నిలబడి నడుం మీద చేతులు పెట్టుకున్నాడు.

“అన్నా, నేను పెట్టిన వెయిట్లేవి?”

“నన్నడుగుతవేంది?”

“జిగురు మచ్చలున్నయ్, వెయిట్లు లెవ్వు. వాటంతట అవి ఊడలే, ఎవరో గీకిండ్రు.”

బెంచీ మీద కూచున్న మరియ ఆ మాటకు తల తిప్పింది.

“గా నల్ల పట్టీలా?” అంది. “గవి రోడ్డు మీది తారనుకున్న. శనివారం శనివారం అట్లకాడతోని గీకి పారేస్తి. ఎంత గీకినా వారం తిరిగేసరికి మళ్ల అంటుకుంటుండె.”

పరమేష్ అక్కడే నేల మీద కూలబడి నవ్వాడు. కొత్త రిమ్ములు వచ్చినప్పటి నుంచీ వాటిని అద్దాల్లా తోమి బండిని చర్చి ముందు నిలబెట్టాలని మరియ ముచ్చట. పాత ఇనుప చక్రాలకు ప్లాస్టిక్ మూతలుండేవి, ఆమె చెయ్యి లోపలికి పోయేది కాదు. ఈ కొత్తవాటి సందుల్లోంచి బ్రహ్మాండంగా పోయింది, రిమ్ములతో వచ్చిన మొదటి పట్టీలు కూడా అలాగే ఊడాయి. ప్రభుదాస్‌కు కోపం రాలేదు. కళ్లల్లో నీళ్లొచ్చేంత సంతోషం వచ్చింది. వణికింది బండే!

పరమేష్ మళ్లీ వెయిట్లు అతికించాడు. బొంగ్లూరు దగ్గర రింగురోడ్డు ఎక్కారు. ఎనభై, తొంభై, తొంభై ఐదు. స్టీరింగు రాయిలా ఉంది. మరియ సిగ్గుపడుతూ కూచుంది. ప్రభుదాస్ ఏదో కూనిరాగం తీస్తూ, ఎన్నో నెలలుగా బిగించిన పిడికిళ్లు వదులు చేసి, కుడిచేతిని ఊరికే స్టీరింగు మీద ఆనించాడు.

బొటనవేలు కదులుతోంది.

రాగం ఆగిపోయింది. స్టీరింగు వంక చూశాడు, అది కదలడం లేదు. డెబ్బైకి తగ్గించాడు. వేలు కదులుతూనే ఉంది. దానికి వేగంతో పని లేనట్టుంది. వేళ్లు బిగిస్తే ఆగింది, వదిలితే మళ్లీ మొదలైంది. భయపడడం కూడా మరిచి అలా రెండుమూడుసార్లు బిగించి, వదిలి చూశాడు. అప్పుడు భయం వచ్చింది. ఇన్నాళ్లూ బండి వణుకులో ఇది దాక్కుందన్నమాట.

రావిర్యాల దగ్గర రింగురోడ్డు దిగి, బండి పక్కకు ఆపాడు.

“ఏమైంది?” అంది మరియ. “మళ్ల వణుకుతున్నదా? ఇగ వాటి జోలికి పోనంటిగదా.”

“లేదు. బండి మంచిగుంది.”

“నా తోముడు పాడుగాను. నా వల్ల నీకెంత ఫికరయిందో. ఇగ ఏ వణుకూ లేదు గదా?”

లేదు అంటే అయిపోయేది. ఆమె నమ్మేది. రేపు పొద్దున్న ఎయిర్‌పోర్టు బాడుగ ఉంది, ఎల్లుండి మరొకటుంది. చెయ్యి బిగించి పట్టుకుంటే ఎవరికీ తెలియదు.

ప్రభుదాస్ ఇంజను ఆపాడు. ఆమె చెయ్యి తీసుకుని, స్టీరింగు మీద ఆనించి ఉన్న తన కుడిచేతి మీద పెట్టాడు.

“బండి బందయింది” అన్నాడు. “ఇప్పుడు జూడు.”

మరియ చూసింది. అర్థమైంది. రెండు చేతులతో ఆ చేతిని గట్టిగా పట్టుకుంది.

“స్తుతికి ఫోన్ చెయ్యి” అన్నాడు ప్రభుదాస్. స్తుతి వాళ్ల బిడ్డ, దగ్గర్లోనే ఆదిభట్లలో కొలువు చేస్తుంది, ఆమెకు కారు నడపడం నేర్పింది అతనే. “డ్యూటీ కాంగనే రమ్మను. దవాఖానకు పోదాం. బండి ఆమె నడుపుతది.”

తాళంచెవి తీసి, మరియ ఒళ్లో పెట్టాడు.