సక్కుబాయి గంట

ఆ వాక్యాన్ని నేనే మెత్తబరిచాను. ఎవరూ చెప్పలేదు, ఎవరూ అడగలేదు. మంచిపనే చేశాననుకున్నాను కూడా, అదీ నా తెలివి.

మాదాపూర్‌లో మా కంపెనీ పని ఫోన్లలో కనిపించే మాటల్ని తెలుగులోకి మార్చడం. "మళ్ళీ ప్రయత్నించండి", "మీ ఖాతా తెరవబడలేదు" లాంటివి రోజుకు నాలుగొందలు మారుస్తాం. అందుకే ఏడాదికొకసారి సేవా కార్యక్రమమంటూ ఏదైనా అసలైన కాగితం వస్తే నేనే ముందు చెయ్యెత్తుతాను. ఈసారి వచ్చింది పల్లెల్లో వైద్యం చేసే ఒక స్వచ్ఛంద సంస్థ ప్రపోజల్. విదేశీ దాతలకు ఇంగ్లిష్‌లో ముప్పై రెండు పేజీలు రాశారు. మెదక్ వైపు తుమ్మలకత్వ అనే ఊళ్ళో గర్భిణుల కోసం మూడేళ్ళ కార్యక్రమం. దాతల షరతు ఒక్కటే, ఆ ఊరి ఆరోగ్య కమిటీ ప్రపోజల్ చదివి ఒప్పుకున్నట్టు సంతకాలు పెట్టాలి. కమిటీకి ఇంగ్లిష్ రాదు కాబట్టి నేను ఎనిమిది పేజీల తెలుగు ప్రతి తయారు చేయాలి. శుక్రవారం కమిటీ సమావేశం, సోమవారం గడువు. ఆ మధ్యన ఆదివారం, సెప్టెంబరు ముప్పైన, తెలంగాణ మార్చ్. నగరమంతా దాని గురించే మాట్లాడుతోంది. సైబర్ టవర్స్ దగ్గర అప్పుడే ఇనుప కంచెలు దింపుతున్నారు.

ప్రపోజల్ రెండో పేజీలో, ఈ కార్యక్రమం ఎందుకు అవసరమో చెప్పేచోట, ఒక చిన్న కథ ఉంది. పేరు లేదు, "ఆర్, ఇరవై రెండేళ్ళు" అని మాత్రమే. నొప్పులు మొదలైన కోడల్ని మూఢనమ్మకంతో అత్తగారు అమావాస్య వెళ్ళేదాకా ఆస్పత్రికి కదలనివ్వలేదనీ, ఆ ఐదు గంటల ఆలస్యమే ఆ అమ్మాయి ప్రాణం తీసిందనీ ఇంగ్లిష్‌లో ఉంది. పేరు దాచడం దాతల ముందు సరిపోతుంది. ఆ ఊరి ముందు ఏం దాస్తుంది? అక్కడ ఇరవై రెండేళ్ళ ఆర్ ఒకతే చనిపోయి ఉంటుంది. ఆ అత్త ఎవరో పాపం, నలుగురిలో తలెత్తుకోలేదనిపించింది. "కుటుంబ పరిస్థితుల వల్ల ఆస్పత్రికి చేరడంలో ఆలస్యం జరిగింది" అని రాసి పక్క వాక్యానికి వెళ్ళిపోయాను.

మా దగ్గర పద్ధతేమిటంటే, ఒకరు రాస్తారు, ఒకరు సరిచూస్తారు, ఆ తర్వాత ఆ కాగితం ఎవరి కోసమో అలాంటి మనిషికి చదివి వినిపిస్తారు. మంగళవారం మధ్యాహ్నం సెక్యూరిటీ లింగయ్యను, మెదక్ వైపు వాళ్ళెవరైనా ఉన్నారా అని అడిగాను. ఇక్కడ హౌస్‌కీపింగ్ మనుషుల్ని కాంట్రాక్టరు ఒకే మండలం నుంచి జట్లుగా తెస్తాడు.

"ఏ ఊరు మేడం?" అన్నాడు.

చెప్పాను.

"నాలుగో అంతస్తుల సక్కుబాయిదే ఊరది. పిలుస్త ఉండుండ్రి."

సక్కుబాయికి యాభై ఉంటాయేమో. ఖాజాగూడలో మరో ముగ్గురితో కలిసి కిరాయి గదిలో ఉంటుంది. కుర్చీ చూపిస్తే అంచు మీద కూర్చుంది. నేను చదువుతుంటే "సమజైంది", "గిది గాలే" అని కచ్చితంగా చెప్పింది. "ప్రసవానంతర రక్తస్రావం" అన్నప్పుడు నావంక జాలిగా చూసి, "కాన్పయినంక నెత్తురు వోవుడు అనరాదు?" అంది. మార్చుకున్నాను. ఆ తర్వాత కథ చదివాను. ఆమె చీపురు పట్టీపట్టీ గరుకెక్కిన చేతిని బల్లమీద పెట్టింది.

"గిది మా రజిత," అంది. "నా కోడలు."

చేతిలోని కాగితాన్ని బల్లమీద బోర్లించాను.

"మంచిగ రాసినవ్ బిడ్డా," అంది కొంగుతో ముక్కు తుడుచుకుంటూ. "ఆలిస్యమైంది. నిజమే రాసినవ్. ఎవల్ని ఏం అనలే."

ఆ మెచ్చుకోలు నన్ను కుదురుగా ఉండనివ్వలేదు. సీటుకొచ్చాను, లేచాను, టీ తెచ్చుకున్నాను, తాగకుండా పారబోశాను. తర్వాత చివరి పేజీ మళ్ళీ తెరిచాను. "పై ప్రతిపాదనను చదివి, అందులోని విషయాలు వాస్తవమని ధ్రువీకరిస్తున్నాం" అని తీర్మానం. దాని కింద సంతకాల గీతలు. ఆ పేజీని నా తెలుగు ప్రతికి కాదు, ఇంగ్లిష్ ప్రతికి జతచేసి పంపుతారు. నా మెత్తటి వాక్యం విని కమిటీ తలూపుతుంది, సంతకం పెడుతుంది. సక్కుబాయి కోడల్ని చంపిందని ఊరు ఊరంతా ధ్రువీకరించినట్టు కాగితం సముద్రాలు దాటి వెళ్తుంది. నేనే దారి వేసిపెట్టాను!

సరిచూసే పని మా మేనేజరు యజ్ఞనారాయణ గారిది. భీమవరం మనిషి, కోపం తెలియదు. విషయం చెప్పాను.

"మీరు చేసిందే కరెక్టండి," అన్నారు. "ఆవిడ మొహం మీద ఆ మాట ఎలా చదువుతారు చెప్పండి? ఇంగ్లిష్ ఎవరు చూడొచ్చారు?"

"అసలు నిజమో కాదో కూడా తెలియదు కదండీ."

"అది సంస్థ వాళ్ళ పూచీ. మనం అనువాదకులమండి."

అనువాదకులమైతే ఉన్నది ఉన్నట్టు రాయాలి కదా అన్నాను. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. సంస్థ తరఫున ఆ ఊరు చూసుకునే మధుకర్‌కు ఫోన్ చేశాను. అది రాసింది అతనే.

"అక్కా, నేను అడిగిన రోజు ఇంట్ల ఎవలు లేకుండె. అమాస నాడు పోయిందని పక్కింటోళ్ళు చెప్పిండ్రు," అన్నాడు. "ఫారంల కారణం ఒకటే రాయాలె. మనది అత్తలకు అవగాహన తరగతులు పెట్టే ప్రోగ్రాం. గా కారణం లేకుంటె ప్రోగ్రామే లేదు. మీరు మెత్తగ రాసిండ్రు గదా, గట్లనే ఉంచుండ్రి, పని అయిపోతది."

అయిపోతుంది. అదే నా భయం.

బుధవారం పొద్దున సక్కుబాయి నాలుగో అంతస్తులో అద్దాలు తుడుస్తోంది. కింద రోడ్డు మీద తెలంగాణ ఉద్యోగులు గులాబీ కండువాలతో నినాదాలిస్తున్నారు, గాజు గోడల్లోంచి పెదవుల కదలిక మాత్రమే కనిపిస్తోంది. ప్యాంట్రీలోకి పిలిచి తలుపు వేశాను. ఇంగ్లిష్‌లో ఉన్నది ఉన్నట్టు చెప్పాను, నేను ఏం మార్చానో కూడా చెప్పాను.

ఆమె ముఖం గట్టిపడింది.

"మల్ల నిన్న నాకు గది ఎందుకు సదివినవ్?"

"మీకు బాధ అవుతుందని..."

"నాకు తెల్వకుంటె బాధ గాదా? మా పోచన్న సంతకం వెడ్తుండె. ఆశా పిల్ల సంతకం వెడ్తుండె. నా మీద నా ఊరోళ్ళే ముద్ర గొడ్తుండ్రి, నేనిక్కడ అద్దాలు తుడుసుకుంట ఉంటుంటి!" గొంతు పెరిగింది. "రజిత బిడ్డ బుజ్జి ఉన్నది. ఏడాది పిల్ల. అమ్మమ్మ తాన పెరుగుతున్నది. రేపు సదువుకుంటది. గా ఇంగ్లీషు సదివి, నాయనమ్మా, మా అమ్మను నువ్వే సంపినవా అంటె నేనేం జెప్పాలె?"

నేను తలదించుకున్నాను. సిగ్గేసింది, అంతకు మించి కోపమొచ్చింది, నామీద నాకే.

"తీసేయించమంటారా?"

"తీయకు. ఉన్నదున్నట్టు రాయి. ఒక్క మాట తగ్గొద్దు. అందర్ల సదవనీ. నేను బోయి ఎదురుంగ కూసుంట."

అక్కడికక్కడే లాప్‌టాప్ తెరిచి రాశాను. మూఢనమ్మకం, అత్తగారు, అమావాస్య, ఐదు గంటలు, ప్రాణం. చదివి వినిపించమంది. మళ్ళీ చదవమంది. మూడోసారి నాతోపాటు పెదవులు కదిపింది. చదువు రాదు కాబట్టి నోటికి పట్టుకుంటోందని అప్పుడర్థమైంది. యజ్ఞనారాయణ గారు సరిచూసి, ఆ వాక్యాన్ని రెండుసార్లు చదివి ఆమోదించారు. సాయంత్రమే మధుకర్‌కు పంపాను. అతను మూడుసార్లు ఫోన్ చేశాడు, నేను ఎత్తలేదు.

గురువారం సక్కుబాయి పనికి రాలేదు. మార్చ్‌కు ముందు బస్సులు ఎక్కడ ఆపేస్తారో తెలియక మదీనాగూడ దగ్గర నిలబడి దొరికిన జీపెక్కిందని లింగయ్య చెప్పాడు. శుక్రవారం నాకు ఒక్క పని సాగలేదు. "మళ్ళీ ప్రయత్నించండి" అనే మాటను రెండుసార్లు తప్పు రాశాను. ఆమెను ఊరి ముందు నిలబెట్టాను, అక్కడ నలుగురూ అవునంటే? నోరున్నవాడెవడో అమావాస్య నిజమే కదా అంటే?

మూడున్నరకు మధుకర్ నంబరు మోగింది. ఈసారి ఎత్తాను.

"సంతకాలు వెట్టలే అక్కా," అన్నాడు నీరసంగా. "గా ముక్క సదవంగనే అందరు లేసిండ్రు. సబ్ సెంటర్ నర్సమ్మ తనే చెప్పింది, పోయినేడు తెలంగాణ సమ్మెల సెంటర్‌కు తాళమేసి ఉండెనని. బస్సుల్లేవు, ఆటోల్లేవు. ట్రాక్టర్ దొరికేసరికి మూడు గంటలు వట్టిందట, తొవ్వల ఇంకో గంట. మాకు తరగతులు వద్దు, బండి గావాలె అంటున్నరు. వాళ్ళే తెలుగుల ఒక పేజీ రాసిండ్రు. దాన్ని ఇంగ్లీషు జేసి రెండో పేజీల పెట్టాలంట, అప్పుడే సంతకమంట. నేను ప్రోగ్రాం మొత్తం తిరగ రాయాలె."

"రాద్దాం. ఆదివారం కూచుంటాను."

"మార్చ్?"

"ముందు ఇది."

కమిటీ పెద్ద, మాజీ సర్పంచ్ పోచన్న, ఫోన్ తీసుకుని ఆ పేజీ చదివాడు, నేను రాసుకున్నాను. పెత్రమాస, అంటే పెద్దల అమావాస్య నాడు, పొద్దున నొప్పులు. తాళం. బస్టాండు. ట్రాక్టర్. చౌరస్తాలో రాస్తారోకో, కూర్చున్నది తమ వాళ్ళే, చూడగానే రాళ్ళు జరిపి దారిచ్చారు. ఆస్పత్రికి ఇంకా అయిదు కిలోమీటర్లుండగా రజిత ట్రాక్టర్‌లోనే బిడ్డను కని కన్నుమూసింది. అత్త తప్పేమీ లేదని ఊరు ధ్రువీకరిస్తోంది.

నా గుండె తేలికైంది. అప్పుడు వెనక నుంచి గొంతు వినిపించింది.

"పోచన్నా, ఫోనియ్యి."

సక్కుబాయి. ఊపిరి గట్టిగా వినబడుతోంది.

"బిడ్డా, ఆఖరి ముక్క రాయకు."

"ఎందుకమ్మా? మీ మీద మాట పోయింది కదా!"

"నీ లెక్కనే వీళ్ళు గూడ మెత్తగ రాసిండ్రు," అంది. "పెత్రమాస గదా, పెద్దలకు బియ్యమిచ్చి పోదమన్న. తొలి కాన్పు జల్ది గాదన్న. రజిత, పోదం అత్తమ్మా అన్నది. నేనే ఆపిన. ఒక గంట. అది రాయి."

"కమిటీ రాయంది నేను రాయలేనమ్మా," అన్నాను.

"రాపిస్త. పోచన్నా, రాయి. నా యేలిముద్ర ఏస్త."

అవతల ఎవరో వద్దని బతిమాలుతున్నారు. ఆమె వినడం లేదు. కాగితం మీద కలం కదిలేదాకా నేను ఫోన్ పట్టుకునే ఉన్నాను.

"రాసిండు," అంది సక్కుబాయి. "ఇగ నువ్వు ఇంగ్లీషుల గిట్లనే వెట్టు. ఐదు గంటలల్ల ఒక గంట నాది. నాలుగు నావి గావు. బుజ్జి సదివిన్నాడు రెండూ సదవాలె."