అమ్మ పేరని చెప్పి అడిగితే

ఆ జవాబులు చదువుతుంటేనే వాసవికి నీరసం వచ్చింది. కెన్యా నుంచి, మలేషియా నుంచి, ఫిలిప్పీన్స్ నుంచి, అందరిదీ ఒకే పాట: పేరు చాలా బాగుంది, మీ అమ్మగారికి నమస్కారాలు. కొత్త సరుకు పేరు ఎలా ఉందని అడిగితే ఎవరో ఒకరు ఏదో ఒక వంక పెట్టక మానరు. ఇంతమంది ఇంత మర్యాదగా ఉన్నారంటే ఎక్కడో తేడా కొడుతోందన్నమాటే.

కర్నూలు పక్కన కల్లూరులో ఇంటి ముందుగదే ఆమె ఆఫీసు. సరుకు విదేశాలకు పోయేముందు దాని పేరు అక్కడి భాషల్లో పాడుమాట అవుతుందేమో అక్కడి మనుషులనే అడిగి చెప్పడం ఆమె పని. "పేరు చూసేదానికి కూడా దుడ్లా?" అనేవాళ్ళతో వాదించి వాదించి ఆమెకు విసుగు పుట్టింది. ఈసారి తగిలినవాడు కడప వేణుగోపాల్, చేనేత తువ్వాళ్ళ వ్యాపారి. మూడు దేశాలకు పంపే సరుకుకు తల్లి మలయవతి పేరు కలిసొచ్చేలా 'మలయ' అని పెట్టుకున్నాడు. అమ్మ పేరు కదా, నేనే అడుగుతానని ప్రశ్నలు తానే రాసి పంపాడు. జవాబులు చూసి సరే అనడమే ఈమె వంతట!

ఆ ప్రశ్నలు తెరిచి చూసింది. మొదటి వాక్యమే, 'ఇది మా అమ్మ పేరు.'

"నీ తెలివి తెల్లారినట్టే ఉండాది, అన్నా" అని గోడకు చెప్పుకుంది.

మళ్ళీ మొదటినుంచీ చేయక తప్పలేదు. ఒక్కో భాషకు ఒక పెద్దావిడనూ ఒక కుర్రవాణ్ణీ పట్టుకుంది, ఆ దేశంలోనే పుట్టి అక్కడే బతుకుతున్నవాళ్ళను. ఇంకో నాలుగు ఉత్తుత్తి పేర్ల మధ్య 'మలయ'ను కలిపి, పైకి పలికి రికార్డు చేసి మరీ పంపింది. ఎవరి పేరో, ఏ సరుకో చెప్పలేదు. వినగానే ఏం గుర్తొస్తుంది? పిల్లల ముందు అనగలరా? అంతే అడిగింది.

ఫిలిప్పీన్స్ వాళ్ళు స్వేచ్ఛ అన్నారు. మలేషియా వాళ్ళు మా దేశం పాత పేరులా ఉందన్నారు. నైరోబీలో ఇద్దరూ ఒకే మాట రాశారు: స్వాహిలీలో ఒళ్ళమ్ముకునే ఆడదాన్ని అలా అంటారు, తిట్టడానికీ వాడతారు, ఇంట్లో పలకం.

పెద్ద ఆర్డరు నైరోబీదే. మొదటిసారి నమస్కారాలు పంపిన అక్కడి టీచరుకు ఫోన్ చేసి నిలదీసింది.

"ఎవరి అమ్మనో చూపించి ఆ మాట అనమంటే ఎలా అనగలను?" అన్నాడాయన.

ఆయన మీద కోపం తెచ్చుకుందామన్నా రాలేదు. ఇలాంటి కబురు ఫోన్లో చెప్పేది కాదు. ఉస్సురంటూ కడప బస్సెక్కింది.

విన్న వేణుగోపాల్ కొట్లోనే కూలబడ్డాడు.

"రేపు లేబుళ్ళు అచ్చుకు పోతాండాయమ్మా. నీ పేరు పెడ్తాండానని అమ్మకు చెప్పినా, ఊరంతా చెప్పుకున్నా. ఇప్పుడు తీసేస్తే ఎందుకని అడగదా? ఆ మాట ఆయమ్మ చెవిన పడాల్నా? కెన్యాలో ఎవురు పట్టించుకుంటార్లే, కానీయ్."

"కొనేది వాళ్ళేనన్నా! సంతలో నీ తువ్వాలు ఎత్తి చూపించి నవ్వుకుంటాంటే, అది ఎవురి పేరు?"

అతని కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. "నా నోటితో చెప్పలేను. నువ్వే ఏదో ఒకటి చెప్పు, పో."

కొట్టు వెనకే ఇల్లు. మలయవతి శనగకాయలు ఒలుచుకుంటోంది. దారి పొడుగునా కూడబలుక్కున్న మాటలన్నీ ఆ మొహం చూడగానే వాసవికి అడ్డం తిరిగాయి. దేవుడా, ఈమెతోనా ఆ మాట? చేతకాక, అలవాటైన పనే చేసింది. ఏమీ చెప్పకుండా అడిగింది.

"పెద్దమ్మా, తువ్వాలు మీద ఏం పేరుంటే బాగుంటాది?"

"ఏదన్నా ఉండనీ పాపా, నాది గాకుంటే సాలు."

"అదేంది పెద్దమ్మా?" అంది వాసవి.

"ఒళ్ళు తుడ్సుకుంటారు, కాళ్ళు తుడ్సుకుంటారు, ఆనక మూలన పారేస్తారు. దాని మీద నా పేరా? శానా సిగ్గుగా ఉండాది."

"మరి అన్నతో అనలేదా?"

"వాడు యాడ అడిగినాడు? నీ పేరు పెడ్తాండానమ్మా అని చెప్పినాడు. వాని మొగం అట్లా వెలిగిపోతాంటే వద్దని ఎట్లనేది?"

గడప దగ్గర అలికిడైంది. వేణుగోపాల్ ఎప్పుడొచ్చాడో, తలుపు పట్టుకుని నిలబడి ఉన్నాడు. నైరోబీ మాటను వాసవి గొంతులోనే మింగేసింది.

"ఇప్పుడు అడుగుతాండా" అన్నాడతను. "తువ్వాళ్ళకు నీ పేరు పెట్టేదామ్మా?"

ఆమె చేతిలోని కాయ పక్కన పెట్టి, కొడుకు మొహంలోకి చూసింది.

"వద్దు నాయనా" అంది.