బోర్డు మీద కొడుకు పేరు

ల్యాబ్ అటెండర్ రోజూ ఆ గది తాళం తీసేటప్పుడు ముందు బోర్డు దుమ్ము తుడిచేది. దాని మీద ఉన్నది ఆమె కొడుకు పేరు. విద్యార్థుల చేత సొంత వ్యాపారాలు పెట్టించాలని ఇదే కాలేజీలో చదువుతూ ఒక సెల్ మొదలుపెట్టి, మూడో ఏడు జ్వరంతో పోయాడు. అతని పేరు పక్కన 'స్మారక ఎంటర్‌ప్రెన్యూర్‌షిప్ సెల్' అని రాయించారు.

రెండేళ్లుగా కొత్తవాళ్లు రావడం లేదు. ఈసారి ముప్పై మంది చేరకపోతే గదిని జిరాక్స్ సెంటర్‌కు ఇచ్చేస్తానని ప్రిన్సిపాల్ చెప్పేశాడు.

పేరు మార్చాలని సెల్ చూసే మాస్టారికి తెలుసు. ఆమెతో ఆ మాట అనడానికి నోరు రాలేదు. సెల్ లీడర్ ఫైనలియర్ అమ్మాయి. "ముందు అడిగి చూద్దాం సార్" అని, పాత పేరుతో కలిపి మూడు పేర్లు కాగితాల మీద రాసింది. ఫస్టియర్ క్లాసుల్లోనూ, అప్పటికే ఏదో ఒకటి అమ్ముతున్న సీనియర్లకూ పంచింది. ఒకటే ప్రశ్న: ఈ పేరున్న గదిలో ఏం జరుగుతుందనుకుంటున్నారు?

'ఫౌండర్స్ ఫోరం' చూసి ఫస్టియర్లు 'కంపెనీ ఉన్నవాళ్లకు' అని రాశారు. 'ఐడియా క్లబ్' చూసి సీనియర్లు 'కబుర్లు' అని రాశారు.

అమ్మాయి ఆ కాగితాలు ల్యాబ్ బల్ల మీద పెట్టి క్లాసుకు వెళ్లింది. మాస్టారితో కలిసి తిరిగొచ్చేసరికి అటెండర్ కళ్లజోడు పెట్టుకుని పాత పేరున్న మూడో కట్ట చదువుతోంది.

'రక్తదానం.' 'పేదవాళ్లకు ఫీజులు కడతారు.' 'సంతాప సభలనుకుంటా.'

"అక్కా, అవి..."

"కూర్చో తల్లీ. దాచాల్సినవైతే బల్ల మీద పెట్టకూడదు."

మాస్టారు తలుపు దగ్గరే ఆగిపోయాడు.

"మీరేంటి సార్, గోడకు అతుక్కుపోయారు? లోపలికి రండి. మావాడు మొదటిసారి ఇట్లాంటి మీటింగుకు, వేరే కాలేజీకి, ఎందుకెళ్లాడో తెలుసా? బిస్కెట్లు పెడతారని. సంతాప సభంటే గుమ్మం తొక్కేవాడు కాదు."

"పేరు తీసెయ్యక్కర్లేదమ్మా. కింద చిన్నగా..."

"చిన్నగా ఉన్నా చదువుతారు. చదివి గొంతు తగ్గిస్తారు. వాడి గది అట్లా ఉండకూడదు సార్." కాసేపు కాగితాల అంచులు సరిచేసింది. "వచ్చినవాళ్ల చేత మొదట ఏం చేయిస్తారమ్మా?"

"కొనే మనిషిని ఒక్కరిని వెతుక్కోమంటాం అక్కా" అంది అమ్మాయి. "అమ్మడానికేమీ లేనివాళ్లు ఇంకొకరికి వెతికిపెడతారు."

"అదే రాయండి మరి."

'మొదటి కస్టమర్' అని రాసి మళ్లీ పంచారు. 'నా సరుకు పట్టుకురావచ్చా?' అని సీనియర్లు రాశారు. 'నేనూ వెతుకుతా' అని ఫస్టియర్లు రాశారు.

పెయింటర్ థిన్నర్‌తో పాత అక్షరాలు తుడుస్తుంటే ఆమె స్టూలు కదలకుండా పట్టుకుంది. ఇంటిపేరు దగ్గర రంగు మొండికేసింది. "గట్టిగా రుద్దు నాయనా" అంది.

చేరేరోజు వరండా నిండిపోయింది. పేర్లు రాయించే బల్ల దగ్గర ఆమెనే కూర్చోబెట్టారు. యాభై రెండో పేరు రాస్తున్న ఫస్టియర్ అమ్మాయి అడిగింది.

"ఇది ఎవరు మొదలుపెట్టారు ఆంటీ?"

"ఒక సీనియర్."

"ఇవాళ వస్తారా?"

ఆమె కాగితాన్ని ఆ పిల్ల వైపు కాస్త జరిపింది.

"ఫోన్ నంబర్ కూడా వెయ్యమ్మా. వెనక లైనుంది."