వేలిముద్రలు వెళ్ళిపోయిన వారం

సోమవారం పొద్దున్నే రుక్మిణి ఫిజీ దీవిలో లబాసా ఊరి దారిలో ఉన్న వీరస్వామి కొట్టుకి బయల్దేరింది. ఐదేళ్ళుగా వెళ్తున్న కొట్టే. కాకపోతే ఇవాళ కొంగున ఒక కాగితం ముడేసుకుంది. ఐదేళ్ళ కూలి ఒప్పందం, గిర్మిట్, అయిపోయింది, ఇక కంపెనీ చెరుకు కొట్టక్కర్లేదు అని రాసిచ్చిన కాగితం. అక్షరమ్ముక్క రాకపోయినా దారిలో నాలుగుసార్లు విప్పి చూసుకుంది, పిచ్చితల్లి.

కొట్లో ఎప్పటిలాగే ఖాతా పుస్తకం తెరిచి ఉంది. అరువు తీసుకున్న వాళ్ళందరి వేలిముద్రలూ అందులో ఉంటాయి. ఎవరికి జ్వరమొస్తే వాళ్ళ ముద్ర కాలుతుంది, ఎవరికి భయమేస్తే వాళ్ళది చల్లబడుతుంది. కూలీలుండే లైన్లలో అందరికీ తెలిసిందే. వీరస్వామి పొద్దున్నే పేజీలు తడిమి, ఈ వారం ఎవరు పనిలోకి పోరో, ఎవరి కూలి తగ్గుతుందో చూసుకుని దాన్నిబట్టి బియ్యం కొలుస్తాడు. వ్యాపారం మరి, ఏం చేస్తాడు!

"అన్నా, ఇదిగో చూడు!" రుక్మిణి కాగితం బల్లమీద పరిచింది. "మూడెకరాలు కౌలుకి మాట్లాడుకున్నాను. చెరుకు వేస్తాను. కోతకొచ్చేదాకా బియ్యం, పప్పు, ఉప్పు ఇయ్యి. ఇప్పుడు నేను ఎవరి కూలీనీ కాను."

వీరస్వామి కాగితం చదివాడు. తనూ ఒకప్పుడు ఇలాంటి కాగితంతోనే బయటపడ్డవాడు. ఎప్పుడూ "కూర్చో రుక్మిణీ" అని బియ్యం బస్తా చూపించేవాడు, ఇవాళ చూపించలేదు.

"అరువు ఇయ్యలేనమ్మా."

రుక్మిణి నవ్వింది. "ఎగతాళి చాలు గానీ, కొలువు."

"ఎగతాళి కాదు. గిర్మిట్లో ఉన్నన్నాళ్ళూ నువ్వు చీటీ లేకుండా తోట దాటలేవు. శనివారం జీతాల బల్ల దగ్గర కూలీల మేస్త్రీ, ఆ సర్దారు, నీ ముద్ర చూసి నీ కూలిలోంచి నా బాకీ పట్టి నా చేతికిచ్చేవాడు. నువ్వెక్కడికీ పోలేవు కాబట్టే ఇచ్చాను. ఇప్పుడు రేపే సూవా పట్నానికి ఓడెక్కేస్తే నిన్ను ఎవడు పట్టుకుంటాడు? చెరుకు చేతికి రావాలంటే ఏడాది పైమాటే. టౌన్లో నాకు అరువు సరుకిచ్చే దొర అన్నాళ్ళు ఆగుతాడా?"

రుక్మిణి కూలి రోజుకి తొమ్మిది పెన్నీలు, అదీ పని పూర్తయిన రోజునే. అందులోంచే ఐదేళ్ళూ ఒక్క శనివారం తప్పకుండా తీర్చింది.

"కట్టేసున్నప్పుడు నమ్మావు. విప్పితే నమ్మవా అన్నా?"

వీరస్వామి సిరా బుడ్డికి మూత పెట్టాడు. ఆమె కాగితం మడుచుకుని బయటికి నడిచింది. అప్పుడే పుస్తకంలోంచి ఆమె ముద్రలు ఒక్కొక్కటే ఊడి, రెండొందల చిల్లర, చీమల్లా బల్ల దిగి గడప దాటి ఆమె వెనకాలే పోయాయి. సరుక్కొచ్చిన ఆడవాళ్ళు తొక్కకుండా పక్కకి తప్పుకున్నారు.

సంగతి లైన్లకి పాకింది. రేపు తమ గిర్మిట్ తీరినా ఇదేగా బతుకు! శుక్రవారానికల్లా వాళ్ళ ముద్రలూ పోయాయి. శనివారం వీరస్వామి పుస్తకం జీతాల బల్లమీద పెడితే పేజీలు తెల్లగా ఉన్నాయి.

"ముద్ర లేకుండా ఎవరి కూలి పట్టమంటావయ్యా?" అన్నాడు సర్దారు.

వీరస్వామి కొట్టుకి పోయి, బియ్యం బస్తా నెత్తికెత్తుకుని తిన్నగా రుక్మిణి కౌలు భూమికి వెళ్ళాడు. ఆమె ఐదు రోజులుగా ఇరుగింటి ఫిజీవాళ్ళు పెట్టిన కర్రపెండలం మీదే ఉంది. ఈ సాయంత్రం సర్దారు దగ్గరికి పోయి మళ్ళీ గిర్మిట్‌కి వేలు అద్దుదామని తల కూడా దువ్వుకుంది. ముద్రలన్నీ, ఆమెవీ లైన్లవాళ్ళవీ, గుడిసె తడికెమీద ముసురుకుని ఉన్నాయి.

"కోతదాకా ఇస్తానమ్మా. పుస్తకంలో ముద్ర వెయ్యి."

"నేను చాలా వేశాను అన్నా. ఈసారి నువ్వెయ్యి." ఆమె కాగితం వెనక్కి తిప్పింది. "కోతదాకా అరువు ఆపనని ఇక్కడ వెయ్యి."

"నాకు సంతకం వచ్చు."

"నాకు చదవడం రాదుగా."

సిరా బుడ్డి ఎటూ తెచ్చుకున్నాడు. సంతకం నేర్చిన పన్నెండేళ్ళలో ముట్టని సిరాలో వీరస్వామి బొటనవేలు ముంచాడు. కాగితంమీద అద్దాడు. తడికెమీది ముద్రల్లో లైన్లవాళ్ళవి దిగి కొట్టు దారి పట్టాయి. రుక్మిణివి కదల్లేదు.

ఆమె తడి ఆరని ఆ ముద్రమీద వేలు పెట్టి చూసింది. మంచులా చల్లగా ఉంది.

"కూర్చో అన్నా," అని బియ్యం బస్తా చూపించి, లోపలికెళ్ళి మంచినీళ్ళు తెచ్చింది.