రెండు చోట్ల తొమ్మిది

అప్పలరమణ టిక్కు పెట్టాలంటే కంటితో చూడాలి. చూడకుండా పెట్టిన టిక్కు ఏం చేస్తుందో అతనికి తెలుసు. రెండేళ్ల క్రితం ఒక ఆసుపత్రిలో అతని భార్య ఈశ్వరి ఆపరేషన్ కాగితం మీద అన్ని గళ్లలోనూ టిక్కులు ఉన్నాయి. వాటిలో ఒక పరీక్ష అసలు చేయనే లేదు. మనిషి పోయింది. ఆ టిక్కు పెట్టినవాడిని అతను ఇప్పటికీ క్షమించలేదు. క్షమించే ఉద్దేశం కూడా లేదు.

అందుకే, కంప్యూటర్ ఆటల పోటీ ఉన్న ఆదివారం పొద్దున్నే వెంకటరమణమూర్తి గారి కంప్యూటర్ ఇన్‌స్టిట్యూట్ మేడ మీదికి వచ్చి, గోడకు అంటించిన తన జాబితా ముందు నిలబడ్డాడు. నోటుపుస్తకం కాగితం. గొలుగొండ హైస్కూల్లో నేర్చిన గుండ్రటి అక్షరాలు.

మెషీన్లన్నిటినీ కలిపే ఇరవై నాలుగు పోర్టుల స్విచ్, దానికి వేరే ప్లగ్గు. కేబుళ్లు పదిహేడు, ఒక్కొక్కటీ టెస్టరు పెట్టి చూసి, రెండు కొసలా నంబరు చీటీ. పదహారు ఆట మెషీన్లకు అడ్రసులు 192.168.1.11 నుంచి 26 వరకు, చేత్తో కొట్టినవి. ఫైర్‌వాల్ ఆపు. ఆట సర్వరు వేరే మెషీన్ మీద. దాని మీద ఎవరూ ఆడకూడదు. ఆట కొత్త అప్‌డేట్ ముందే దించి సీడీలో ఉంచాలి. ఆ రోజు నెట్ మీద ఆధారపడకూడదు.

సర్వరు అడ్రసు దగ్గర మాత్రం ఒక కొట్టివేత ఉంది. అతను చివరి అంకె 5 అని రాశాడు. వారం క్రితం మూర్తి గారు అది చూసి, తన ఎర్ర పెన్నుతో 5 కొట్టేసి 9 రాశారు. ఆయన బెల్లం కొట్టు ఫోన్‌కి చివర తొమ్మిది, స్కూటర్ నంబరు కూడితే తొమ్మిది.

"ఏదో ఒక అంకే కదయ్యా. మనకు కలిసొచ్చేది పెట్టు" అన్నారాయన.

అప్పలరమణ ఒప్పుకున్నాడు. ఒప్పుకోకపోతే ఎలా? ఈ ఒక్క రోజు పోటీ సాఫీగా గడిస్తే ఇన్‌స్టిట్యూట్‌లో నలభై మెషీన్ల మరమ్మతు పని అతనిది. లేకపోతే విశాఖ నుంచి వచ్చే కంపెనీది. అతని కంప్యూటర్ రిపేరు కొట్టు మూతపడే స్థితిలో ఉంది. ఇంకో ఆధారం లేదు.

తొమ్మిదిన్నరకు ఆట మొదలైంది. పాయకరావుపేట కుర్రాళ్లు తెచ్చుకున్న ఒక మెషీన్‌లో ఆట పాతది. సర్వరు లోపలికి రానివ్వలేదు. అప్పలరమణ సీడీ పెట్టి అప్‌డేట్ ఎక్కించాడు. ఐదు నిమిషాల్లో అయిపోయింది.

"నెట్‌లోంచి దించితే ఎంతసేపండి?" అని అడిగాడు ఆ జట్టు నాయకుడు లోవరాజు.

"రెండ్రోజులు పట్టింది నాకు. నువ్వు తునిలో రైలు దిగి, పెళ్లి సేసుకుని, మళ్లీ రావొచ్చు."

కుర్రాళ్లు నవ్వారు. అతను నవ్వలేదు.

పన్నెండుకి కరెంటు పోయింది. సర్వరుకు పెట్టిన యూపీఎస్ నాలుగు కూతలు కూసి ఊరుకుంది. పావుగంటకి కరెంటు వచ్చింది. ఉన్నపళంగా ఆగిన సర్వరు డిస్కు తనిఖీ చేసుకుంటూ కూర్చుంది. మిగతా మెషీన్లన్నీ లేచాయి. చివరికి సర్వరూ లేచింది. కానీ ఆట జాబితాలో సర్వరు పేరు ఎవరికీ కనబడలేదు.

"ఏటండీ ఇది? ఐదున్నరకి మాకు రైలుంది" అన్నాడు లోవరాజు.

"ఏటి మావా, నీ లిస్టులో ఇది లేదా?" అని ఎకసెక్కమాడాడు ఏడో మెషీన్ ముందున్న సాయిరామ్. మూర్తి గారి అన్న కొడుకు. పోటీ పెట్టింది వాడే. పొద్దున్నుంచి వరసగా ఓడిపోతున్నదీ వాడే.

అప్పలరమణ స్విచ్ చూశాడు. దీపాలన్నీ వెలుగుతున్నాయి. పదకొండో మెషీన్ దగ్గర కూర్చుని, సర్వరు అడ్రసు తొమ్మిదికి, ఉన్నావా అని పింగ్ కొట్టాడు. బదులు వచ్చింది. సర్వరు బతికే ఉంది. మరి ఆట ఎందుకు కనబడదు? సర్వరులో ఆట ప్రోగ్రామ్ ఆపి మళ్లీ నడిపాడు. లాభం లేదు. కేబుల్ మార్చాడు. లాభం లేదు. ఒంటిగంటన్నర అయింది. కాళ్లు లాగుతున్నాయి. పొద్దున్న తాగిన టీ తప్ప కడుపులో ఏమీ లేదు.

విసిగిపోయి సర్వరు కేబుల్ స్విచ్ నుంచి పీకేశాడు. పదకొండో మెషీన్ మీద పింగ్ ఇంకా నడుస్తూనే ఉంది. బదులు వస్తోంది.

కేబుల్ చేతిలో పట్టుకుని ఆ తెర వంకే చూశాడు. ఇక్కడ లేనిది బదులివ్వదు. ఈశ్వరి పోయాక ఆ సంగతి అతనికి ఎవరూ చెప్పనక్కర్లేదు. బదులిస్తోందంటే, దాని పేరు పెట్టుకుని ఇంకెవరో ఉన్నారు.

స్విచ్ ముందు గొంతుక్కూర్చుని కేబుళ్లు ఒక్కొక్కటే పీకుతూ, తెర చూడమని లోవరాజుకి చెప్పాడు.

"ఉందండి... ఉందండి... ఉందండి... ఆగిపోయింది!"

చేతిలో ఉన్న కేబుల్ చీటీ మీద 7.

"అడ్రసు మార్సేవా?" అని సాయిరామ్‌ని అడిగాడు అప్పలరమణ.

సాయిరామ్ తడబడ్డాడు. "కలిసిరావట్లేదని... పదిహేడు తీసి మన తొమ్మిది పెట్టేను. సర్వరు ఇంకా లేవలేదప్పుడు. ఏ అడ్డూ చెప్పలేదది."

"తరవాత సెప్పింది కదా?"

"ఏదో కాన్‌ఫ్లిక్ట్ అని వచ్చింది. ఓకే కొట్టేను."

సర్వరు తెర మీద కూడా ఆ మాటే ఉండాలి. తెరిచి ఉన్న విండోల వెనక దాగిపోయిన ఆ చిన్న హెచ్చరిక పెట్టెను అప్పలరమణ ఇప్పుడు చూశాడు. ఆలస్యంగా లేచిన సర్వరు తన అడ్రసులో వేరేవాడు ఉండటం చూసి, తన అడ్రసు వదులుకుంది. నీ అడ్రసేమిటని అడిగి చూస్తే అన్నీ సున్నాలు. ముందే చూడాల్సింది. పింగ్‌ని నమ్మి చూడలేదు. అది తన తప్పు. ఆ తప్పునూ అతను క్షమించలేదు.

ఏడో మెషీన్‌కి 17 తిరిగి పెట్టాడు. కేబుళ్లన్నీ చీటీల ప్రకారం ఎక్కించి, సర్వరులో నెట్‌వర్క్ ఆపి మళ్లీ తెరిచాడు. సర్వరు పేరు పదహారు తెరల మీదా వచ్చింది. కుర్రాళ్లు కేక వేశారు.

ఆ కేకకి మూర్తి గారు మేడెక్కారు. సంగతి విని, అప్పలరమణని వరండాలోకి పిలిచారు.

"రెండు గంటలు ఆగిందటయ్యా. బయటి ఊళ్ల పిల్లలు. మన ఇంటి కుర్రాడి పేరు బయటికొస్తే బాగోదు. మైకులో చెప్పు, నీ స్విచ్ పోయింది, బాగుచేశానని. ఎవరికి నష్టం? రేపట్నుంచి నలభై మెషీన్లూ నీవే."

అప్పలరమణ ఆయన వంక చూశాడు. చెడ్డవాడేమీ కాదు. ఆ ఆసుపత్రి కాగితం మీద టిక్కు పెట్టినవాడు కూడా చెడ్డవాడై ఉండడు. ఎవరికి నష్టం అనే అనుకుని ఉంటాడు.

"నా స్విచ్ బాగుందండి."

"అబ్బ, తెలుసయ్యా. ఊరికే ఒక మాట..."

"మీరు ఒక తొమ్మిది పెట్టేరు. మీ అబ్బాయి ఇంకోటి పెట్టేడు. ఒప్పుకున్నోణ్ని నేను. అడిగితే అదే సెప్తాను. అడక్కపోతే ఊరుకుంటాను."

మూర్తి గారి మొహం ముడుచుకుంది. "విశాఖవాళ్లైతే ఇంత మాట అనరు" అని కిందికి దిగిపోయారు.

నాలుగూ యాభైకి ఫైనల్ అయింది. పాయకరావుపేట గెలిచింది. కుర్రాళ్లు స్టేషన్‌కి ఆటో ఎక్కుతూ చేతులు ఊపారు. సాయిరామ్ ఒక్కడే మిగిలాడు. కేబుళ్లు చుట్టి ఇస్తున్నాడు.

"మావా, బాబాయితో నేను మాట్లాడతాను."

"వద్దు. పదహారోది ఏది?"

వాడు వెతికి ఇచ్చాడు. పదిహేడూ లెక్క సరిపోయాయి. అప్పలరమణ జాబితాలో చివరి టిక్కు పెట్టాడు. పెన్ను ఇంకా చేతిలోనే ఉంది. ఎర్రటి 9 కొట్టేసి, పక్కన మళ్లీ తన 5 రాశాడు. కాగితం గోడ మీదే వదిలేసి, స్విచ్ చంకలో పెట్టుకుని మెట్లు దిగాడు.