అందరికీ ఒక మార్కు

బెంజ్ సర్కిల్ దగ్గర మేడ మీద వెంకటకృష్ణారావు గారి బ్యాంకు కోచింగ్ సెంటర్ ఉండేది. రావు గారు ఇంగ్లీషు చెప్పేవారు కాదు, టెక్నిక్ చెప్పేవారు. ఆయన రాసిన మెటీరియల్లో పేజీకో పెట్టె, పెట్టెకో సూత్రం. ఆ సూత్రాలను మూడొందల మంది పిల్లలు పొద్దున్నే మెట్ల మీద కూర్చుని వల్లె వేసేవారు. కింద టీకొట్టు జక్కయ్యకు కూడా సగం వచ్చేశాయి.

నలభై రెండో పేజీలో పెట్టె ఇలా ఉండేది: 'ఐదర్-ఆర్, నైదర్-నార్, నాట్ ఓన్లీ-బట్ ఆల్సో కనిపిస్తే కళ్లు మూసుకుని ఏకవచన క్రియ పెట్టుము.'

నిజంగానే కళ్లు మూసుకుని రాసిన సూత్రమని ఛాయాదేవి అభిప్రాయం. ఆవిడ అక్కడ నాలుగేళ్లుగా ఇంగ్లీషు చెబుతోంది, శనివారం టెస్టు పేపర్లు కూడా ఆవిడే దిద్దుతుంది. రావు గారు ఎక్కడో 'నైదర్ ఆఫ్ దెమ్' అన్నచోట ఏకవచనం రావడం చూశారు. ఆ ఒక్క ముక్కను పట్టుకుని జంటపదాలన్నింటికీ అంటగట్టారు. ఇంటికెళ్లి భర్తకు ఆయన గొంతు అనుకరించి చూపిస్తూ కళ్లలో నీళ్లొచ్చేదాకా నవ్వేది ఆవిడ. సెంటర్‌లో మాత్రం, నెలకోసారి జరిగే మీటింగులో రావు గారు "మెటీరియల్ మీద ఎవరికైనా అభ్యంతరమా?" అని అడిగితే, మిగతా ఏడుగురితో పాటు "లేదు సార్" అనేది. ఆ మాట కాఫీకి ముందు అనాలి. అంటేనే కాఫీ వచ్చేది.

ఒకరోజు క్లాసులో ఆవిడకు ఒళ్లు మండింది. పెట్టెను బోర్డు మీద రాసి, దాని పక్కనే అసలు సంగతి కూడా రాసింది.

"ఇద్దరు కర్తలుంటే క్రియ తన పక్కనున్న కర్త మాట వింటుంది. నైదర్ ద మేనేజర్ నార్ ద క్లర్క్స్ అన్నామనుకోండి, క్రియ పక్కన ఎవరున్నారు? క్లర్కులు, బహువచనం. కాబట్టి వర్ ప్రెజెంట్. తిప్పి రాస్తే క్రియ పక్కకి మేనేజరు వస్తాడు. అప్పుడు వాజ్ ప్రెజెంట్. నాట్ ఓన్లీకీ ఇదే లెక్క. పైగా అక్కడ తూకం కూడా చూసుకోవాలి. నాట్ ఓన్లీ తర్వాత క్రియ పెడితే బట్ ఆల్సో తర్వాత కూడా క్రియ పెట్టాలి. 'హీ నాట్ ఓన్లీ స్పీక్స్ ఇంగ్లిష్ బట్ ఆల్సో హిందీ' అంటే ఒక పక్కకి ఒరిగినట్టే. 'హీ స్పీక్స్ నాట్ ఓన్లీ ఇంగ్లిష్ బట్ ఆల్సో హిందీ' అనండి, సరిపోతుంది."

పిల్లలు బిత్తరపోయి చూశారు. వెంటనే ఆవిడ గొంతు తగ్గించి, "పెట్టె మన టెస్టుకి, ఇది అసలు పరీక్షకి" అని కన్ను గీటి, బోర్డు తుడిచేసింది. ఆ పూటకి తనో వీరనారిలా అనిపించింది ఆవిడకు.

మూడో బెంచీలో మహెక్ కూర్చునేది. వాళ్ల నాన్న ఇస్సాక్ ఆటోనగర్‌లో లేతు మిషను మీద పని చేస్తాడు. ఆ పిల్లకు కన్నుగీటడం అర్థం కాలేదు, క్రియ సంగతి మాత్రం అర్థమైంది. రైటని మేడమే చెప్పిన తర్వాత టెస్టుకొకటి, పరీక్షకొకటి రాయడం ఏమిటో ఆమెకు తోచలేదు.

ఆగస్టులో స్పెషల్ బ్యాచ్ టెస్టు పెట్టారు. మొదటి ఇరవై మందికి పరీక్షదాకా ఫీజు లేకుండా చదువు. మిగతావాళ్లు మళ్లీ కట్టుకోవాలి. మహెక్ వాళ్ల నాన్న ముందే చెప్పేశాడు: ఇరవైలో వస్తే చదువు, రాకపోతే పెళ్లిచూపులు.

పదిహేడో ప్రశ్న నైదర్-నార్. మేనేజరూ క్లర్కులూ. మహెక్ 'వర్' గుర్తించింది. రావు గారి కీలో 'వాజ్'. ఛాయాదేవి ఎర్రపెన్నుతో కీ చూసుకుంటూ, ఆ జవాబు పక్కన గబగబా ఇంటూ కొట్టేసింది. పేరు కూడా చూడలేదు. మహెక్‌కు ఎనభై ఏడు. పెట్టె ప్రకారం 'వాజ్' పెట్టిన ఇరవయ్యోవాడు బాబీకి ఎనభై ఎనిమిది. మహెక్ ది ఇరవై ఒకటో స్థానం.

లిస్టు అంటించిన గంటకు ఆ పిల్ల స్టాఫ్‌రూము గుమ్మంలో నిలబడింది.

"మేడం, పదిహేడు నేను తప్పు రాశానాండీ?"

ఛాయాదేవి పేపరు తీసుకుంది. జవాబు పక్కన తను కొట్టిన ఇంటూనే ఉంది. "నువ్వు రాసింది రైటే" అంది. సిగ్గేసింది ఆవిడకు, నిజమైన సిగ్గు. పేపరు పట్టుకుని ఆ విసురుతోనే రావు గారి గదిలోకి వెళ్లింది. నాలుగేళ్లలో అభ్యంతరం చెప్పడం అదే మొదలు.

రావు గారు కోప్పడలేదు. కోప్పడే మనిషైతే ఆయన అంత పైకి వచ్చేవాడే కాదు.

"మీరన్నదే కరెక్టమ్మా. గ్రామర్ పుస్తకాలు అలాగే అంటాయి. నాకు తెలీదా? కానీ గోడౌన్‌లో ఆరువేల కాపీలున్నాయి. ఇప్పుడు పేజీ తప్పంటే పిల్లల కాన్ఫిడెన్స్ ఏం గాను? ఒక పని చేద్దాం. పదిహేడో ప్రశ్నకి అందరికీ ఒక మార్కు కలిపేద్దాం. ఎవరికీ అన్యాయం జరగదు. మీరే వెళ్లి అనౌన్స్ చేయండి. క్రెడిట్ మీకే ఉండాలి."

క్రెడిట్ అన్న మాటకు ఆవిడ పొంగిపోయింది. కాఫీ కూడా వచ్చింది, ఈసారి అభ్యంతరం చెప్పిన తర్వాత. ఆవిడ దాన్ని మొత్తం తాగి, హాల్లోకి వెళ్లి మైకు అందుకుంది.

"పదిహేడో ప్రశ్నలో కీ సరిగ్గా లేదు. మేనేజ్‌మెంటుతో మాట్లాడాను. అందరికీ ఒక మార్కు కలుపుతున్నారు."

మూడొందల మంది చప్పట్లు కొట్టారు. బాబీ ఈల కూడా వేశాడు. తనకోసం ఇంతమంది చప్పట్లు కొట్టడం ఛాయాదేవి జీవితంలో అదే మొదటిసారి. చప్పట్లు తగ్గాక మహెక్ లేచి నిలబడింది.

"మేడం, నాకు ఎనభై ఎనిమిది అవుతుంది కదండీ. బాబీకి ఎనభై తొమ్మిది అవుతుంది. మరి నేను ఎక్కడుంటానండీ?"

హాలంతా ఆవిడ వైపు చూసింది. నాట్ ఓన్లీకీ బట్ ఆల్సోకీ తూకం చూడమని ఊదరగొట్టిన మనిషికి, రెండు పక్కలా ఒకే బరువు వేస్తే ముల్లు కదలదని అప్పుడే తట్టింది. వెనక వరసలో రావు గారు చేతులు కట్టుకుని ఎంతో దయగా నవ్వుతున్నారు.

"చూద్దాంలేమ్మా, కూర్చో" అని ఛాయాదేవి మైకు ఆపేసింది.

సాయంత్రం ఇస్సాక్ కూతుర్ని తీసుకెళ్లడానికి స్కూటరు మీద వచ్చాడు. చేతులకింకా గ్రీజు ఉంది. మహెక్ మెటీరియల్ తిరిగి ఇచ్చేసి కిందికి దిగింది. ఛాయాదేవి మెట్లు దిగి వాళ్లకు ఎదురువెళ్లింది. కనీసం ఈ తండ్రికైనా నిజం చెప్పేస్తే మనసు తేలికపడుతుందనుకుంది.

"మీ అమ్మాయి తప్పు రాయలేదండీ. పుస్తకమే తప్పు. కీ సరిచేసి ఉంటే ఇరవైలో ఉండేది. ఇక్కడ మెరిట్‌కి విలువ లేదు. ఈ పుస్తకం సంగతి నాకు నాలుగేళ్లుగా తెలుసు."

ఇస్సాక్ స్కూటరు స్టాండు తీయబోయి ఆగాడు. కోపంగా లేడు. అర్థం కాకే అడిగాడు.

"నాలుగేళ్లనుంచి తెలిసి, మా పిల్ల పేపర్లో తప్పని కొట్టింది ఎవరు మేడమ్ గారూ?"

మహెక్ తలెత్తలేదు. "పోదాం నాన్నా" అని స్కూటరెక్కింది. వాళ్లు ట్రాఫిక్‌లో కలిసిపోయాక ఛాయాదేవి మెట్లెక్కి పైకి వెళ్లింది. ఆరింటి బ్యాచ్ అప్పటికే కూర్చుని ఉంది, పుస్తకాలు నలభై రెండో పేజీ దగ్గర తెరిచి.